సర్వర్ ఆగమంటే ఎంతసేపు ఆగాలి?

వైద్య పరిశోధన వ్యాసాలు వెతికేవాళ్లలో పబ్‌మెడ్ తెలియనివారు అరుదు. దాన్ని నడిపే అమెరికా సంస్థ ఎన్‌సీబీఐ, మన ప్రోగ్రాములు నేరుగా అడిగినా వివరాలు ఉచితంగానే ఇస్తుంది. కాకపోతే ఒక ఐపీ చిరునామా నుంచి సెకనుకు 3 రిక్వెస్టులు మించకూడదు. కీ తీసుకుంటే 10 దాకా పంపొచ్చు. ఆఫీసులోని కంప్యూటర్లన్నీ ఒకే చిరునామాతో బయటికి వెళ్తుంటే ఆ మూడూ అందరికీ కలిపే.

హైదరాబాద్‌లో ఒక ప్రయోగశాల 900 వ్యాసాల జాబితాను రోజూ దానంతటదే తాజా అయ్యేలా పెట్టుకుందనుకుందాం. వ్యాసానికో రిక్వెస్ట్ చొప్పున, సెకనుకు మూడు పంపితే 5 నిమిషాలు పడుతుంది. నిజానికి 200 వ్యాసాల నంబర్లను కామాలతో కలిపి ఒకేసారి అడగొచ్చు. అప్పుడు 5 రిక్వెస్టులతో పనైపోతుంది. చాలామంది ఇది చూసుకోకుండానే పరిమితి తక్కువని విసుక్కుంటారు.

అసలు చిక్కు సర్వర్ నెమ్మదించినప్పుడు వస్తుంది. ప్రోగ్రాం 5 సెకన్లు చూసి, జవాబు రాలేదని మళ్లీ అడుగుతుంది. మొదట అడిగిన పని అక్కడ ఇంకా నడుస్తూనే ఉండొచ్చు. అలా ఒకే పని రెండవుతుంది, మూడవుతుంది, సర్వర్ ఇంకా నెమ్మదిస్తుంది. మన లాగ్‌లో పంపిన రిక్వెస్టులు పెరుగుతూ, వచ్చిన జవాబులు తగ్గుతూ కనిపిస్తే జరుగుతున్నది ఇదేనని అనుమానించాలి.

అందుకే విఫలమైన ప్రతిసారీ విరామాన్ని రెట్టింపు చేస్తారు: 1 సెకను, తర్వాత 2, 4, 8, 16. ఒకే తీగను పంచుకునే కంప్యూటర్ల కోసం ఈథర్‌నెట్‌లో 1970లలోనే ఈ ఎత్తు వాడారు. అయితే ఒకేసారి విఫలమైన వంద ప్రోగ్రాములూ సరిగ్గా 4 సెకన్లే ఆగితే, మళ్లీ ఒకేసారి మీద పడతాయి. కాబట్టి 4 సెకన్ల వంతు వచ్చినప్పుడు 0 నుంచి 4 లోపు ఏదో ఒక సంఖ్యను యాదృచ్ఛికంగా ఎంచుకుని అంతసేపే ఆగాలి. ఈ చిన్న తేడాను వదిలేయకూడదు.

429 అనే జవాబు వస్తే పరిమితి దాటామని అర్థం. దాంతోపాటు `Retry-After` అని సెకన్లు చెబితే మన లెక్క పక్కనపెట్టి అంతసేపూ ఆగాల్సిందే. 404 వస్తే మళ్లీ అడగడం దండగ, ఆ చిరునామాలో అడిగింది లేదు. ఐదుసార్లు ప్రయత్నించినా రాకపోతే మానేసి, నిన్నటి జాబితానే దాని తేదీతో సహా చూపించాలి.

పెద్ద పనులు వారాంతాల్లో గానీ, అమెరికా తూర్పు తీరంలో రాత్రి 9 నుంచి ఉదయం 5 లోపు గానీ చేసుకోమని ఎన్‌సీబీఐ కోరుతుంది. మనవాళ్లు అలవాటుగా ఇలాంటివి అర్ధరాత్రికి పెడతారు. అప్పుడు అక్కడ మధ్యాహ్నం, అందరూ పనిలో ఉండే వేళ. ఇక్కడి ఉదయం 8 గంటలకు పెట్టుకుంటే, అక్కడ గడియారాలు గంట ముందుకు జరిపినా వెనక్కి జరిపినా వాళ్లు చెప్పిన వేళలోనే పడుతుంది.