వడ్డీ పెరిగితే రూపాయి లేస్తుందా, పడుతుందా?

రిజర్వ్ బ్యాంక్ అనుకోకుండా రెపో రేటు పెంచితే ఆ సాయంత్రం వార్తల్లో ‘రూపాయికి ఊతం’ అంటారు. అదే రోజు ఫైనాన్స్ చదివే కుర్రాడు పుస్తకంలో లెక్క చేస్తే వేరే జవాబు వస్తుంది. మన దగ్గర వడ్డీ పెరిగింది కాబట్టి వచ్చే ఏడాదిలో రూపాయి మునుపు అనుకున్నదానికంటే ఎక్కువ పడాలి అని. ఇద్దరిలో ఎవరో ఒకరు పొరబడ్డారని అనిపిస్తుంది గానీ, ఇద్దరి మాటా నిజమే. వాళ్లు మాట్లాడుతున్నది వేర్వేరు రోజుల రూపాయి గురించి. అన్‌కవర్డ్ ఇంటరెస్ట్ పారిటీ అనే సూత్రంలో చిక్కంతా ఇక్కడే ఉంది. పరీక్షల్లో మార్కులు పోయేదీ ఇక్కడే.

డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక తెలుగాయన చేతిలో 10,000 డాలర్లు ఉన్నాయనుకుందాం. అక్కడి బ్యాంకులో ఏడాదికి 3 శాతం వడ్డీ వస్తుంది. హైదరాబాద్‌లో ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ చేస్తే 6 శాతం. డాలర్ ఈరోజు 80 రూపాయలు. (ఇవన్నీ లెక్క కోసం పెట్టుకున్న గుండు అంకెలు. పన్నుల సంగతి పక్కన పెడదాం.) అక్కడే ఉంచితే ఏడాదికి 10,300 డాలర్లు అవుతాయి. ఇక్కడికి పంపితే 8 లక్షల రూపాయలు, వడ్డీతో కలిపి 8,48,000. ఆ రూపాయల్ని ఏడాది తర్వాత మళ్లీ డాలర్లు చేస్తే 10,300 కంటే ఎక్కువ వస్తాయా, తక్కువ వస్తాయా? అది ఆనాటి డాలర్ రేటు మీద ఉంటుంది. 8,48,000ని 10,300తో భాగిస్తే 82.33 వస్తుంది. డాలర్ అంతకంటే తక్కువలో ఆగితే ఆయనకు లాభం, దాటితే డాలస్‌లోనే ఉంచాల్సింది అనుకుంటాడు. 82.33 దగ్గర రెండూ సమానం.

ఇలాంటి లెక్క వేసుకునేవాళ్లు లక్షల మంది ఉంటారు, వాళ్లలో పెద్ద పెద్ద ఫండ్లూ ఉంటాయి. ఏడాదికి డాలర్ 81 దగ్గరే ఉంటుందని అందరూ నమ్మితే డబ్బంతా మన వైపు వస్తుంది, రూపాయికి గిరాకీ పెరుగుతుంది, ఈరోజు రేటే మారిపోతుంది. ఎటు పెట్టినా ఒకటే అనిపించేదాకా ఆ కదలిక ఆగదు. అంటే మన వడ్డీ ఎంత ఎక్కువ ఉందో, దాదాపు అంతే శాతం రూపాయి పడుతుందని మార్కెట్ ఎదురుచూస్తూ ఉండాలి. సూత్రం ఇదే:

ఏడాది తర్వాత అంచనా రేటు = ఈరోజు రేటు × (1 + రూపాయి వడ్డీ) ÷ (1 + డాలర్ వడ్డీ)

మన డాలస్ ఆయన ముందుగానే బ్యాంకుతో ఫార్వర్డ్ ఒప్పందం చేసుకుని రేటు ఖాయం చేసుకుంటే అది కవర్డ్. చేసుకోకుండా, ఏడాది తర్వాత ఎంతుంటే అంతకు అని ఊరుకుంటే అన్‌కవర్డ్. మొదటిది మోసం లేని కూడికలూ తీసివేతలూ. రెండోదాంట్లో నమ్మకం కూడా కలిసి ఉంటుంది.

ఇప్పుడు రిజర్వ్ బ్యాంక్ వడ్డీ పెంచిందనుకుందాం. మన ఏడాది వడ్డీ 6 నుంచి 7 శాతం అయింది, అమెరికాలో 3 శాతమే. చాలామంది విద్యార్థులు వెంటనే 80 × 1.07 ÷ 1.03 వేసి 83.11 అని రాసేస్తారు. ప్రశ్నలో ‘ఈరోజు రేటు 80 దగ్గరే ఉంది’ అని స్పష్టంగా చెప్పి ఉంటే అది సరైన జవాబే. కానీ ఆ మాట చెప్పకపోతే ఆలోచించాల్సింది ఒకటుంది. వడ్డీ పెరిగిన వార్త విన్నాక కూడా ఈరోజు రేటు 80 దగ్గరే ఎందుకు ఉంటుంది?

డాలర్ ఏడాది తర్వాత ఎక్కడ ఉంటుందన్న అంచనా వేరే కారణాల మీద, అంటే ధరల పెరుగుదల, ఎగుమతులు, చమురు బిల్లు వంటి వాటి మీద నిలబడి ఉందనుకుందాం. ఒక్క వడ్డీ నిర్ణయంతో ఆ 82.33 కదల్లేదు. అప్పుడు మారాల్సింది ఈరోజు రేటే. 82.33 × 1.03 ÷ 1.07 వేస్తే 79.25 వస్తుంది. డాలర్ 80 నుంచి 79.25కి దిగిందంటే రూపాయి ఆ క్షణమే దాదాపు 1 శాతం బలపడినట్టు. వార్తల్లో చెప్పింది ఇదే. ఇక అక్కడి నుంచి ఏడాదికి 82.33కి చేరాలి కాబట్టి ఎదురుచూసే పతనం 3.88 శాతం. పెంపుకు ముందు అది 2.91 శాతమే. పుస్తకం చెప్పింది ఇది.

రూపాయి ముందు లేచింది కాబట్టే తర్వాత ఎక్కువ దిగడానికి చోటు దొరికింది. రెండు పద్ధతుల్లోనూ ఎదురుచూసే పతనం 3.88 శాతమే వచ్చిందని గమనించండి. వడ్డీల తేడా తేల్చేది ఆ వాలును మాత్రమే. ఆ వాలు ఏ ఎత్తు నుంచి మొదలవుతుందో సూత్రం చెప్పదు. ఈరోజు రేటునో, రేపటి అంచనానో ఏదో ఒకదాన్ని ప్రశ్న మన చేతికి ఇవ్వాలి. ఇవ్వని ప్రశ్న ప్రశ్నే కాదని నా అభిప్రాయం, అలాంటివి ప్రశ్నపత్రాల్లో కనిపిస్తూనే ఉంటాయి.

పెంపు ఎంతకాలం ఉంటుందనేది కూడా ముఖ్యమే. పై లెక్కలో 7 శాతం వడ్డీ ఒక్క ఏడాదే ఉంటుందనుకున్నాం. రెండేళ్లు ఉంటుందని మార్కెట్ నమ్మి, రెండేళ్ల తర్వాతి అంచనా మాత్రం మారకపోతే, ఈరోజు రేటు 80 × (1.06 ÷ 1.07)², అంటే 78.51 అవుతుంది. అదే 1 శాతం పెంపు, కానీ రూపాయి గెంతు దాదాపు రెట్టింపు. అందుకే రిజర్వ్ బ్యాంక్ ప్రకటన వచ్చినప్పుడు డీలర్లు పెంచిన అంకెతో పాటు గవర్నర్ ముందు ముందు గురించి వాడిన మాటల్ని కూడా అంత శ్రద్ధగా చదువుతారు.

వడ్డీ పెంచింది అమెరికా ఫెడరల్ రిజర్వ్ అయితే బొమ్మ తిరగబడుతుంది. డాలర్ వడ్డీ 3 నుంచి 4 శాతం, మనది 6 శాతమే, ఏడాది అంచనా 82.33. అప్పుడు ఈరోజు రేటు 82.33 × 1.04 ÷ 1.06, అంటే 80.78. రూపాయి ఇప్పుడే పడింది, ఇక మిగిలిన పతనం 1.92 శాతమే.

లెక్కలో జారిపోయే చోట్లు రెండున్నాయి. డాలర్‌కు ఇన్ని రూపాయలు అని రేటు ఇచ్చినప్పుడు రూపాయి వడ్డీ పైన రావాలి. తలకిందులు చేస్తే ఎక్కువ వడ్డీ ఇచ్చే రూపాయే బలపడుతున్నట్టు జవాబు వస్తుంది, తప్పు అక్కడే దొరికిపోతుంది. రెండోది కాలం. బ్యాంకులు చెప్పే వడ్డీ ఏడాదిది. మూడు నెలల ప్రశ్నలో 7, 3 శాతాల్ని నాలుగో వంతు చేసి 1.75, 0.75 వాడాలి. 80 × 1.0175 ÷ 1.0075 వేస్తే 80.79. నాలుగో వంతు చేయడం మరిచి 83.11 రాస్తే, ఏడాది ప్రయాణాన్ని మూడు నెలల్లో చేయించినట్టు.

ఇక అసలు బజారులో ఏం జరిగిందో చూద్దాం. 2022 మొదట్లో డాలర్ 74 రూపాయల పైచిలుకు. మన రెపో రేటు 4 శాతం, ఫెడ్ రేటు సున్నా దగ్గర. ఈ తేడాను బట్టి చూస్తే ఏడాది చివరికి డాలర్ దాదాపు 77 కావాలి. అయింది మాత్రం 82 దాటి. సూత్రం తప్పిందా? పూర్తిగా అలా అనలేం. ఆ మార్చి నుంచి డిసెంబర్ దాకా ఫెడ్ తన రేటును 4.25–4.50 శాతానికి ఎక్కించింది. ఏడాది మొదట్లో అంత దూకుడును మార్కెట్ ఊహించలేదు. రష్యా–ఉక్రెయిన్ యుద్ధంతో చమురూ మండింది. ఊహించని ప్రతి పెంపూ పైన చెప్పిన 80.78 లాంటి ఒక గెంతు తెచ్చింది. ముందే తెలిసిన వడ్డీ తేడా వాలును ఇస్తుంది, గెంతులు ఇచ్చేది వార్త.

అయితే గెంతుల్ని మినహాయించినా సూత్రానికి పరువు పూర్తిగా దక్కదు. 1984లో యూజీన్ ఫామా ప్రధాన కరెన్సీల మీద చేసిన పరిశీలనలో, ఎక్కువ వడ్డీ ఇచ్చే కరెన్సీలు సూత్రం చెప్పినట్టు పడకపోగా తరచూ బలపడ్డాయని తేలింది. ఈ ఆశ మీదే క్యారీ ట్రేడ్ నడుస్తుంది. తక్కువ వడ్డీకి యెన్లలో అప్పు తెచ్చి, ఎక్కువ వడ్డీ ఉన్నచోట పెట్టడం అన్నమాట. నెలల తరబడి బాగానే గిట్టుబాటవుతుంది. 2024 జూలై 31న బ్యాంక్ ఆఫ్ జపాన్ తన రేటును 0.25 శాతానికి పెంచింది. పెంపు చిన్నదే. అదే వారంలో అమెరికా ఉద్యోగాల లెక్కలు బలహీనంగా వచ్చి, అక్కడ వడ్డీలు తగ్గుతాయన్న అంచనా పెరిగింది. అప్పు తెచ్చినవాళ్లంతా ఒకేసారి యెన్లు కొని తీర్చడానికి పరుగెత్తారు. ఆగస్టు 5న టోక్యోలో నిక్కీ సూచీ ఒక్కరోజే 12 శాతానికి పైగా కూలింది. ఏళ్లుగా చిల్లరగా పోగేసిన వడ్డీ తేడా కొందరికి కొద్ది రోజుల్లో పోయింది.

పుస్తకం లెక్కలో రేపటి అంచనా కదలకుండా కూర్చుంటుందని చెప్పుకున్నాం కదా, అది లేచి నడిస్తే ఎలా ఉంటుందో మనకు 2013లో తెలిసింది. ఆ మే నెలలో ఫెడ్ తన బాండ్ల కొనుగోళ్లు తగ్గించవచ్చన్న సూచన రాగానే మన దేశం నుంచి డబ్బు వెనక్కి మళ్లింది. డాలర్ 60కి చేరగా, జూలై 15న రిజర్వ్ బ్యాంక్ ఎంఎస్‌ఎఫ్ రేటును 10.25 శాతానికి పెంచింది. అది రెపో కంటే 3 శాతం ఎక్కువ. సూత్రం ప్రకారం రూపాయి అప్పటికప్పుడు గట్టిగా లేవాలి. లేవలేదు. ఆగస్టు 28న డాలర్ 68 దాటింది. వడ్డీ ఎంత పెంచినా, రూపాయి ఇంకా దూరం పడుతుందన్న భయం అంతకంటే వేగంగా పెరిగింది. పైగా ఇంత పెంచారంటే పరిస్థితి ఎంత చెడిందో అని కొందరు దాన్నే కీడుగా చదువుకున్నారు.

చివరికి రూపాయి నిలబడటంలో పనిచేసింది మరో పద్ధతి. సెప్టెంబర్‌లో రఘురామ్ రాజన్ గవర్నర్‌గా రాగానే, ప్రవాస భారతీయుల నుంచి మూడేళ్లు, అంతకు మించిన కాలానికి ఎఫ్‌సీఎన్‌ఆర్(బి) డాలర్ డిపాజిట్లు తెచ్చిన బ్యాంకులకు, ఏడాదికి 3.5 శాతం ఖర్చుతో మారకం రిస్కును రిజర్వ్ బ్యాంకే మోస్తానంది. మార్కెట్లో ఆ రక్షణ కొనాలంటే అంతకంటే చాలా ఎక్కువ అయ్యేది. నవంబర్ చివరికల్లా, బ్యాంకుల విదేశీ అప్పుల కోసం తెరిచిన మరో స్వాప్ కిటికీతో కలిపి, దాదాపు 34 బిలియన్ డాలర్లు వచ్చాయి. వడ్డీ ఆశ చూపితే రాని డాలర్లు, రేటు ఖాయం చేసి ఇస్తే వచ్చాయి.