ఒక్కో బొమ్మకు ఒక్కటే బాణం

ఫిగ్మాలో ‘ఆటో లేఅవుట్’ నేర్పే స్క్రీన్‌షాట్ల వరుసకు నాలుగు బొమ్మలు చాలు. మొదటి దానిలో తప్పు చూపాలి: ‘కొనండి’ అన్న బటన్‌లో ‘ఇప్పుడే కొనండి’ అని మారిస్తే అక్షరాలు పెట్టె దాటిపోతాయి. రెండోదానిలో అక్షరాలను మాత్రమే ఎంచుకుని Shift+A నొక్కితే చుట్టూ కొత్త ఫ్రేమ్ వస్తుంది. దానికి రంగు వేయాలి. మూడోదానిలో బాణం కుడి ప్యానెల్‌లో వెడల్పు పక్కనున్న Hug మీదికి వెళ్లాలి. పెట్టె మాటతోపాటు పెరిగేది దానివల్లే. చాలామంది తడబడేది నాలుగోదాని దగ్గరే: అంచు పట్టి లాగితే Hug కాస్తా Fixed అవుతుంది, పెట్టె పెరగడం ఆగుతుంది.

1920 పిక్సెళ్ల తెరను మొత్తంగా 1080కి కుదిస్తే ఆ చిన్న మాటలు ఫోన్‌లో కనబడవు. అందుకే ప్యానెల్ ముక్కనే కత్తిరించి పెద్దది చేయాలి.