ఐదు సెకన్ల వాక్యం

యూట్యూబులో వీడియో తెరిచినప్పుడు అది మొదలు కాకముందే ఒక ప్రకటన ఎదురుకావడం మనకు అలవాటైన విషయం. అటువంటి ప్రకటనలలో కొన్నింటిని ఐదు సెకన్లు గడచిన తరువాత దాటవేయవచ్చు. 2010లో ప్రవేశపెట్టిన ఈ పద్ధతి ప్రకటన రచయితకు కొత్త చిక్కు తెచ్చిపెట్టింది. సినిమాహాలులో కూర్చున్నవాడు లేచిపోలేడు కనుక కథను తీరికగా నడిపి, అసలు మాటను చివర చెప్పినా చెల్లుబాటయ్యేది. ఇక్కడ ప్రేక్షకుని వేలు స్కిప్ బటన్ కోసం ముందే సిద్ధంగా ఉంటుంది.

ఒక ఉదాహరణను పరిశీలిద్దాం. విరేచనాలు పట్టిన పసిబిడ్డకు ఓ.ఆర్.ఎస్. ద్రావణం పట్టించాలని తల్లులకు తెలియజేసే ముప్పై సెకన్ల ప్రకటన రాయవలసి ఉన్నదనుకొందాం. మొదటి ప్రతి ఇలా ఉంది. మూడు సెకన్లపాటు శాఖ చిహ్నం. తరువాత పల్లెలో సూర్యోదయం, ముగ్గు వేస్తున్న ఇల్లాలు. పదో సెకనుకు బిడ్డ ఏడుపు, అమ్మమ్మ ఆందోళన. ఇరవయ్యో సెకనుకు ఆశా కార్యకర్త వచ్చి ఇట్లా అంటుంది: "బిడ్డకు విరేచనాలు పట్టినప్పుడు, ఒంట్లోని నీరు తగ్గిపోకుండా, వైద్యుని వద్దకు తీసుకువెళ్లేలోపుగా ఓ.ఆర్.ఎస్. పట్టండి." దృశ్యాలు ముచ్చటగానే ఉన్నాయి. కాని ఐదో సెకనులో వెళ్లిపోయినవారు చూచినది చిహ్నమూ సూర్యోదయమూ మాత్రమే.

ఆ చివరి వాక్యాన్ని యథాతథంగా ముందుకు జరిపితే సరిపోదా? సరిపోదు. తెలుగు వాక్యంలో క్రియ సాధారణంగా చివర వస్తుంది. ఎప్పుడు, ఎందుకు, ఎంతలోపు అన్న ఉపవాక్యాలన్నీ ముందు నడచి, "పట్టండి" అన్న ఆజ్ఞ తుదకు చేరుతుంది. స్పష్టంగా చదివితే ఐదు సెకన్లలో ఏడెనిమిది తెలుగు మాటలకు మించి పట్టవు. పై వాక్యాన్ని మొదటే చదివినా క్రియ వినబడేలోపు బటన్ కనిపిస్తుంది. వేగంగా చదివించడం కొందరు చేసే ఉపాయం. దానివలన మాటలు ఇముడుతాయి గాని అర్థం చెవికెక్కదు.

కాబట్టి వాక్యాన్ని విరవాలి. "బిడ్డకు విరేచనాలా? ఓ.ఆర్.ఎస్. పట్టండి." ఇది మూడు సెకన్లలో ముగుస్తుంది. ప్రశ్న ఒక్కటే అడిగి, జవాబును తరువాతకు దాచి ఆసక్తి రేపాలని కొందరు రచయితలకు ఉబలాటం. సబ్బుల ప్రకటనకు అది తగునేమో. ఇక్కడ మాత్రం ప్రశ్న విని వెళ్లిపోయిన తల్లికి మిగిలేది కంగారు.

ఇంకొక చిక్కున్నది. పట్టమన్నాము గాని ఎంత నీటిలో కలపాలో చెప్పలేదు. లీటరు నీటికి ఉద్దేశించిన పొట్లాన్ని గ్లాసుడు నీళ్లలో కలిపితే ఉప్పు పాలు ఎక్కువై బిడ్డకు హాని కలుగుతుంది. సగం సందేశం ఒక్కొక్కప్పుడు అసలు లేనిదానికంటె ప్రమాదకరం. దీనిని చెప్పడానికి మాటలకు చోటు లేదు కనుక ఆ భారాన్ని చిత్రానికి అప్పగించాలి. మొదటి సెకనులోనే ఒక చేయి పొట్లాన్ని చించి, నిండు లీటరు సీసాలో పూర్తిగా ఒంపుతుంది. పైన పెద్ద అక్షరాలతో "1 పొట్లం – 1 లీటరు మంచినీరు". ధ్వని ఆపి చూసేవారికి కూడ ఇది అందుతుంది. అక్షరాలను కుడివైపు అడుగున ఉంచరాదు. స్కిప్ బటన్ ఉండే చోటు అది.

శాఖ చిహ్నం చివరకు పోతుంది, సూర్యోదయం తొలగిపోతుంది. అమ్మమ్మ ఉండవచ్చు. మిగిలిన ఇరవై అయిదు సెకన్లు ఆగి చూసేవారివి: చెంచాతో కొద్దికొద్దిగా పట్టడం, తల్లిపాలు మానకపోవడం, కలిపిన ద్రావణాన్ని ఇరవై నాలుగు గంటల తరువాత పారబోయడం, బిడ్డ మగతగా ఉన్నా ఏమీ తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవడం.

అమెరికాలోని గైకో బీమా సంస్థ 2015లో ఈ నిబంధననే హాస్యంగా మలచుకొన్నది. మొదటి సెకన్లలోనే తన మాట చెప్పివేసి, ఈ ప్రకటన అప్పుడే ముగిసింది గనుక దీనిని దాటవేయలేరని ప్రకటించింది. తరువాత భోజనాల బల్ల వద్ద కుటుంబమంతా బొమ్మల వలె బిగిసిపోగా పెంపుడు కుక్క వారి కంచాలన్నీ ఖాళీ చేస్తుంది. ఆ ప్రకటనకు ఆ ఏడు కాన్ లయన్స్ ఉత్సవంలో ఫిల్మ్ విభాగపు అత్యున్నత బహుమతి లభించింది.

తిరగరాసిన ప్రతి కుదిరినదో లేదో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. వీడియోను సరిగ్గా ఐదో సెకను వద్ద కత్తిరించి, విషయం తెలియని ఒకరికి ఒక్కసారి, మరొకరికి ధ్వని లేకుండా చూపాలి. ఏమి చేయమన్నారో, ఎన్ని నీళ్లు పోయమన్నారో ఇద్దరినీ అడగాలి. రెండవవారు "ఏదో పొడి కలిపారు" అని ఊరుకొంటే తెరమీది అక్షరాలను ఇంకా పెద్దవి చేయవలసి ఉన్నదన్నమాట.