నలభై ఆరా, నలభై ఎనిమిదా?

స్కూలు వార్షికోత్సవంలో హెడ్మాస్టరు చదివే నివేదికలో చిక్కంతా మొదటి అంకె దగ్గరే. ఒక జిల్లా పరిషత్ హైస్కూలునే ఊహించుకుందాం. పదో తరగతి పరీక్షకు ఫీజు కట్టినవారు 48 మంది, రాసినవారు 46, గట్టెక్కినవారు 41. రాసినవారిలో చూస్తే 89 శాతం, ఫీజు కట్టినవారిలో చూస్తే 85. రెండూ నిజమే. కానీ ఏ లెక్కో చెప్పకపోతే, పరీక్షకు రాని ఆ ఇద్దరు పిల్లలు నివేదికలోంచే మాయమైపోతారు. వాళ్లు ఎందుకు రాలేదో ఒక్క వాక్యం రాయడం ప్రధానోపాధ్యాయుడి బాధ్యత.

కార్యక్రమాల భాగం క్లుప్తంగా ఉంటేనే మేలు. ‘సైన్స్ ఫెయిర్ ఘనంగా జరిగింది’ అనేకంటే, తొమ్మిదో తరగతి పిల్లలు ఊరి బోరునీటిలో ఫ్లోరైడ్ పరీక్షించారంటే తల్లిదండ్రులు చెవి ఒగ్గి వింటారు.

ఇక డబ్బు. పూర్వ విద్యార్థుల విరాళాల ఖాతాలో నిరుటి నిల్వ 6,200, ఈ ఏడు వచ్చింది 50,000, ఖర్చు 47,900 అనుకుందాం. క్యాష్‌బుక్‌లో మిగిలింది 8,300. బ్యాంకు పాస్‌బుక్ మాత్రం 11,300 చూపిస్తుంది! ఫ్యాన్లు బిగించిన ఎలక్ట్రీషియన్ తన 3,000 చెక్కును ఇంకా బ్యాంకులో వేయలేదు. ఆ తేడాను నివేదికలోనే రాసేస్తే సభలో ఎవరు లేచి అడిగినా జవాబు సిద్ధంగా ఉంటుంది.