క్లెయిమ్ ఫారంలో ఆ నాలుగు వాక్యాలు

కారు దెబ్బతిని షెడ్డుకు చేరగానే అక్కడివాళ్లు క్లెయిమ్ ఫారం ముందు పెట్టి, ‘‘సంతకం పెట్టండి సార్, మిగతాది మేం రాసుకుంటాం’’ అంటారు. ప్రమాదం ఎలా జరిగిందన్న గడిలో ‘గేదె అడ్డొచ్చి యాక్సిడెంట్ అయింది’ అని ఒక్క ముక్క పడుతుంది. సంతకం మనది కాబట్టి ఆ మాటా మనదే అవుతుంది.

దాన్ని చదువుకుని సర్వేయర్ కారు చూస్తాడు. గేదెను గుద్దితే సాధారణంగా బానెట్, గ్రిల్ సొట్టపడాలి, ఎక్కడో వెంట్రుకలైనా అంటుకుని ఉండాలి. ఈ కారుకేమో ముందు కుడి బంపర్ పగిలి, చక్రం వంగి, సిమెంటు గీరిన గుర్తులున్నాయి. యజమాని అబద్ధమాడలేదు, అయినా అనుమానం పుట్టింది.

అదే ఇలా రాసి ఉంటే? ‘రాత్రి సుమారు 10.40కి హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తుండగా, సూర్యాపేట దగ్గర ఎడమవైపు నుంచి గేదె రోడ్డు మీదికి వచ్చింది. తప్పించబోయి కుడికి తిప్పాను. గేదెకు తగల్లేదు. కారు ముందు కుడి భాగం డివైడర్‌కు గుద్దుకుంది. నేనే నడుపుతున్నాను, పక్క సీట్లో నా భార్య ఉంది.’ ఎటు నుంచి ఎటు, ఏం చూశారు, ఏం చేశారు, ఏ భాగం దేనికి తగిలింది అన్నవి వరుసగా వచ్చేశాయి. వేగం కచ్చితంగా గుర్తులేకపోతే ‘సుమారు’ అనే రాయాలి.

ఇన్వెస్టిగేటర్‌ను వేస్తే అతను ఈ మాటలను వేరేచోట్ల నమోదైన వాటితో సరిచూస్తాడు. సూర్యాపేటకు ముందే కొర్లపహాడ్ టోల్‌గేటు ఉంది. ప్రమాదం 9.30కి అని రాసి, ఫాస్టాగ్ కోత 10.15కి పడి ఉంటే లెక్క తప్పుతుంది. స్పాట్ ఫొటోలు, ఎఫ్ఐఆర్ ఉంటే అందులోని సమయం, డ్రైవర్ పేరు కూడా చూస్తాడు. పగులులో తుప్పు కనిపిస్తే అది పాత దెబ్బ.

అన్నిటికన్నా ఎక్కువ పట్టుబడేది డ్రైవర్ విషయంలోనే. నడిపినవాళ్ల లైసెన్సు గడువు తీరిందని మరొకరి పేరు రాస్తారు. ఆస్పత్రిలో గాయపడ్డ మనిషి నొప్పితో డాక్టరుకు చెప్పిన మాట కేస్‌షీట్లో అప్పటికే ఉంటుంది. మన కార్లలో స్టీరింగు కుడివైపు కాబట్టి సీటుబెల్టు డ్రైవరుకు కుడి భుజం మీదుగా, పక్కవారికి ఎడమ భుజం మీదుగా వస్తుంది. ‘నేనే నడిపాను’ అన్న మనిషికి ఎడమ భుజం కమిలితే ప్రశ్నలు మొదలవుతాయి. పేరు మార్చడం పొరపాటు కాదు, మోసం. క్లెయిమ్ మొత్తం పోవచ్చు.

సమయమో చోటో నిజంగానే తప్పు రాశామని తర్వాత తెలిస్తే, ఫారంలో కొట్టివేతలు చేయవద్దు. ఏది తప్పు పడింది, ఎందుకు పడింది, సరైనది ఏమిటి అని తేదీ వేసి కంపెనీకి ఉత్తరం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. సర్వేయర్ అడిగేలోపే ఇది జరగాలి.