వాల్వు మూసుకుంటే బోర్డు ఎందుకు ఉలిక్కిపడుతుంది?

మా డాబా మీద నలభై కుండీలున్నాయి. ఊరెళ్ళిన ప్రతిసారీ పక్కింటివాళ్ళను బతిమాలలేక, పోయిన వేసవిలో ఆర్డునో ఊనో బోర్డుతో నడిచే 12 వోల్టుల సోలెనాయిడ్ వాల్వు పెట్టాను. కరెంటు రాగానే అయిదు నిమిషాలు నీళ్ళు వదిలి, తర్వాత రోజంతా ఊరుకోవాలి. అది మాత్రం వాల్వు మూసిన క్షణంలోనే రీసెట్ అయ్యేది. రీసెట్ అయితే ప్రోగ్రాం మొదటికొస్తుంది, మొదటికొస్తే మళ్ళీ నీళ్ళే. సాయంత్రానికి కుండీలు చెరువులయ్యాయి.

రెండు రోజులు ప్రోగ్రాంలోనే తప్పు వెతికాను. తప్పు అక్కడ లేదు, వాల్వు లోపలి తీగచుట్టలో ఉంది.

సోలెనాయిడ్ అంటే కరెంటు పారినంతసేపే అయస్కాంతమయ్యే తీగచుట్ట. అది ఇనుప కడ్డీని లాగితే నీటి దారి తెరుచుకుంటుంది, వదిలితే స్ప్రింగు మూసేస్తుంది. మల్టీమీటరు పెడితే నా వాల్వు కాయిలు 30 ఓములు చూపింది. 12ను 30తో భాగిస్తే 0.4, అంటే 400 మిల్లీయాంపులు. ఊనో పిన్ను నుంచి తీసుకోదగ్గది 20 మిల్లీయాంపులే. అందుకే మధ్యలో ట్రాన్సిస్టరు. పిన్ను దానికి సైగ చేస్తే చాలు, కాయిలుకు కావలసిన కరెంటు 12 వోల్టుల అడాప్టరు నుంచి వస్తుంది.

నేను వాడింది IRLZ44N మాస్‌ఫెట్. పేరులో L అక్షరాన్ని చూసి కొనాలి. L లేని IRFZ44N కూడా అచ్చం అలాగే ఉంటుంది కానీ, 5 వోల్టుల సైగకు పూర్తిగా తెరుచుకుంటుందన్న హామీ దానికి లేదు. సగం తెరుచుకుని వేడెక్కవచ్చు. పిన్నుకూ గేటుకూ మధ్య 220 ఓములు, గేటుకూ గ్రౌండుకూ మధ్య 10 కిలోఓముల రెసిస్టరు పెట్టాను. బోర్డు లేచే లోపు గేటు ఎటూ కాకుండా వేలాడకుండా చూసేది ఆ రెండోదే.

ఇంతా చేసి నేను మరిచింది ఒక డయోడు. పైపులో వేగంగా పారే నీటిని ఒక్కసారిగా కట్టేస్తే గొట్టం దడదడలాడుతుంది కదా. కాయిలులో కరెంటుదీ అదే స్వభావం, ఆపగానే ఆగదు. ట్రాన్సిస్టరు దారి మూసేసరికి వోల్టేజీ ఎగదన్నుతుంది. 12 వోల్టుల దగ్గర ఆగక, ఆ మాస్‌ఫెట్ ఓర్చుకోగల 55 వోల్టుల హద్దునూ తాకుతుంది. ఆ కుదుపు గ్రౌండు తీగల్లోకి, పక్క తీగల్లోకి పాకి చిప్పును రీసెట్ చేస్తుంది. కొన్నాళ్ళకు ట్రాన్సిస్టరే పోవచ్చు.

మందు ఒక 1N4007 డయోడు. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే చిల్లరకే ఇస్తారు. దాన్ని కాయిలు రెండు కొసలకూ అడ్డంగా, వెండి గీత ఉన్న వైపు 12 వోల్టుల ప్లస్సుకు వచ్చేలా కట్టాలి. వాల్వు పనిచేస్తున్నంతసేపూ డయోడు అడ్డం తిరిగి ఊరుకుంటుంది. ఆపగానే కాయిలులోని కరెంటు దాని గుండా అక్కడక్కడే తిరిగి చల్లారుతుంది. వోల్టేజీ 13 దాటదు. తిరగేసి కడితే మాత్రం అడాప్టరు నేరుగా షార్టవుతుంది. డయోడును బోర్డు దగ్గర కాక వాల్వు కొసల దగ్గరే అతకాలి, లేకపోతే మధ్యలోని పొడుగు తీగే ఆ కుదుపును మోస్తుంది.

రీసెట్ ఏ క్షణంలో అవుతుందో చూస్తే రోగం సగం తెలుస్తుంది. దానికి ఈ ముక్క చాలు:

```
void setup() {
  Serial.begin(9600);
  Serial.println("START");
  pinMode(7, OUTPUT);
}
void loop() {
  digitalWrite(7, HIGH); delay(5000);
  digitalWrite(7, LOW);  delay(5000);
}
```

సీరియల్ మానిటర్ తెరవగానే START ఒకసారి రావాలి, మళ్ళీ రాకూడదు. ఆపినప్పుడల్లా వస్తుంటే డయోడు లేదనో, సరిగా లేదనో అర్థం. వేసినప్పుడు వస్తుంటే కథ వేరు, అది ఎక్కువగా మోటార్ల దగ్గర కనిపిస్తుంది. ఆగి ఉన్న మోటారు కదిలే క్షణంలో మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. బోర్డూ మోటారూ ఒకే సన్నని సరఫరా మీద ఉంటే వోల్టేజీ కుంగి చిప్పు పడిపోతుంది. దీనికి డయోడు మందు కాదు. గట్టి అడాప్టరు పెట్టి, మోటారు దగ్గర 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేసి, మోటారు గ్రౌండు తీగను బోర్డు మీదుగా కాక నేరుగా అడాప్టరుకు తీసుకెళ్ళాలి. బోర్డు గ్రౌండు కూడా అక్కడికే వచ్చి కలవాలి, కలవకపోతే గేటుకు సైగే అందదు. పీడబ్ల్యూఎంతో మోటారు వేగం మారుస్తుంటే 1N4007 మందగొడి. చిన్న మోటారుకు 1N5819 లాంటి షాట్కీ డయోడు వాడాలి.

డయోడు అతికాక ఆ పరీక్షే ఇరవై సార్లు నడిపాను. వాల్వు టక్కుమంటూనే ఉంది. తెర మీద మాత్రం START ఒక్కటే.