బ్యాగు తగిలించుకుని ఎక్కడికి?

కూకట్‌పల్లిలోని ఒక అపార్ట్‌మెంట్‌. ఉద్యోగం పోయిన రెండో వారం కూడా భర్త పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, ల్యాప్‌టాప్‌ బ్యాగు తగిలించుకుని బయల్దేరుతున్నాడు. పార్కులో కూర్చుని సాయంత్రం తిరిగొస్తాడు. భార్యకు విషయం తెలుసు. ఎదురింటివాళ్లకూ, ఊళ్లో అత్తమామలకూ తెలియకూడదని ఇద్దరూ నటిస్తున్నారు. ఇలాంటి ఇళ్లలో జీతం ఆగడం కన్నా ఈ నటనే ఎక్కువ ఖర్చు పెట్టిస్తుంది. ఆడపడుచు ఇంట్లో శుభకార్యానికి ఎప్పటిలాగే పట్టుచీర, కవరు పెట్టాలి. అందుకు క్రెడిట్‌ కార్డు గీకాలి. నెలాఖరుకు కనీస మొత్తమే కడితే మిగిలిన బాకీ మీద ఏడాదికి ముప్పై, నలభై శాతం దాకా వడ్డీ పడుతుంది.

మొదట చేయాల్సింది ఇద్దరూ కూర్చుని కాగితం మీద లెక్క రాయడం. భార్య టీచరు, జీతం 22,000 రూపాయలు అనుకుందాం. ఇంటి లోను వాయిదా 32,000తో కలిపి నెల ఖర్చు 78,000. కంపెనీ ఇచ్చినదీ, దాచుకున్నదీ కలిపి చేతిలో 3,30,000 ఉంది. నెలకు 56,000 తక్కువ పడుతుంది కాబట్టి ఈ డబ్బు ఆరు నెలలు కూడా రాదు. షికార్లు, షాపింగు, పెట్టుపోతల్లో 12,000 తగ్గిస్తే ఏడున్నర నెలలు వస్తుంది. ‘ఇప్పుడెలా?’ అన్న భయం ‘ఏడున్నర నెలలు’ అన్న అంకెగా మారితే, దొరికిన మొదటి ఉద్యోగానికల్లా తలవంచాల్సిన అవసరం ఉండదు.

రెండోది ఆరోగ్య బీమా. కంపెనీ ఇచ్చిన గ్రూపు పాలసీ సాధారణంగా ఉద్యోగంతోపాటే ఆగిపోతుంది. రాజీనామా కాగితాల హడావుడిలో దీన్ని మరిచిపోతారు. అదే బీమా సంస్థలో సొంత పాలసీకి మారే వీలుందేమో ఆఖరి పనిదినంలోపే అడగాలి. బ్యాంకుకైతే వాయిదా తప్పాక కాదు, తప్పకముందే రాతపూర్వకంగా చెప్పుకోవాలి. 90 రోజులు దాటితే ఆ లోను మొండి బాకీ కింద చేరుతుంది.

ఇక పరువు. అత్తమామలకు భర్తే స్వయంగా చెప్పాలి, భార్య పక్కన కూర్చోవాలి. ‘మావయ్యా, ఆయన వేరే ఉద్యోగం చూసుకుంటున్నారు. మీకు పంపే డబ్బు ఆగదు. ఈసారి శుభకార్యానికి మాత్రం పసుపుకుంకుమతో వస్తాం’ అని ఆమె కలిపితే, పెద్దవాళ్లు ఏ విషయానికి భయపడతారో దానికి ముందే జవాబు దొరుకుతుంది.

రోజూ సాయంత్రం ‘ఎవరైనా పిలిచారా?’ అన్న ప్రశ్న ప్రేమతో అడిగినా ఆయనకు హాజరుపట్టీలా వినిపిస్తుంది. ఆ మాటకు వారంలో ఒక్క రోజు పెట్టుకోండి, ఆదివారం పొద్దున కాఫీ వేళ. మిగతా ఆరు రోజులూ ఆయన్ని ఇంటి మనిషిగానే ఉండనివ్వండి.